వస్తాదు గొంతులో గరుకెంత?

2009లో వచ్చిన 'అరుంధతి' చూసినవాళ్ళకు పశుపతిగా సోనూ సూద్ ముఖం ఎంత గుర్తుందో, ఆ పాత్ర గొంతు అంతకు మించి గుర్తుంటుంది. ఆ గొంతు పి.రవిశంకర్‌ది. పదేళ్ళ తర్వాత, 2019లో 'ది లయన్ కింగ్' తెలుగులోకి వచ్చినప్పుడు తండ్రి సింహం ముఫాసాకు గొంతిచ్చిందీ ఆయనే. మొదటిది హాల్లో పిల్లల్ని తల్లుల ఒళ్ళోకి దూరేలా చేసిన గొంతు. రెండోది పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రాజ్యమంతా చూపించే గొంతు. కంఠం ఒకటే, దాని బరువూ ఒకటే. మాట ఎక్కడ ఆపాలి, ఎక్కడ తగ్గాలి, ఎదుటివాడి నుంచి ఏం కోరుతూ ఆ మాట అనాలి అన్నవి మాత్రం పూర్తిగా వేరు. డబ్బింగ్ థియేటర్లో గాజు అద్దానికి ఇవతల కూర్చున్న దర్శకుడు నటుడితో కలిసి తేల్చుకోవాల్సింది వాటినే.

ఈ పనిలో చిక్కు తెచ్చే పాత్రల్లో ఒకటి కరకు గురువు. వస్తాదు, మేస్త్రీ, పాత తరం లెక్కల మాస్టారు, పడవ మీది సరంగు: పేరేదైనా మనిషి ఒకటే. తిడుతూ నేర్పుతాడు, మెచ్చుకోవడం చేతకాదు, లోపలి ఇష్టాన్ని బయటపడనివ్వడు. కథల్లో ఇతను ఎంతగా అలవాటైపోయాడంటే, కాగితం చేతికి రాగానే నటుడు గొంతు బిగించేస్తాడు. మొదటి టేక్ దాదాపు ఎప్పుడూ ఒక గుర్రుమనే శబ్దమే. అక్కణ్ణించి దర్శకత్వం ఎలా నడుస్తుందో చూడాలంటే ఒక చిన్న సన్నివేశం దగ్గర పెట్టుకోవడం మేలు.

ఒక ఆడియో నాటకం అనుకుందాం. పల్లెటూళ్ళో కర్రసాము నేర్పే వస్తాదు, వయసు అరవై దాటింది. ఎదురుగా పదహారేళ్ళ కుర్రాడు. వాడి తండ్రి ఒకప్పుడు ఈ వస్తాదు శిష్యుడే, ఇప్పుడు లేడు. తెల్లవారుజామున మొదలైన సాధన ఎండెక్కేదాకా నడిచింది. కుర్రాడు నోరెత్తడు. వస్తాదుకు ఐదే మాటలు:

"మళ్ళీ చెయ్."

"కర్ర అలా కాదురా పట్టేది."

"చెయ్యి నొప్పెడుతోందా? పెట్టనీ."

"మీ నాన్నా ఇలాగే పట్టేవాడు. తప్పుగా."

"పొద్దెక్కింది. పోయి తినిరా."

గొంతు ఇచ్చేది రంగస్థలం మీద ఏళ్ళ తరబడి నిలబడ్డ ఒక పెద్ద నటుడు. బూత్ బయట ఉన్నది ఆయనకంటే వయసులో బాగా చిన్నదైన దర్శకురాలు. మొదటి టేక్‌లో ఐదు మాటలూ ఒకే గరుకుతో, ఒకే ఎత్తులో, ప్రతి వాక్యం చివర ఒకే రకంగా కిందికి దిగుతూ వచ్చాయి. విన్నవాళ్ళకు ఒక కోపిష్టి ముసలాయన కనిపిస్తాడు. కుర్రాడు ఆ మైదానంలోంచి ఎందుకు పారిపోలేదో మాత్రం అర్థం కాదు.

దర్శకురాలు ముందుగా అడిగేది భావం గురించి కాదు. "మాస్టారూ, ఒక్కసారి గరుకు పూర్తిగా తీసేసి, మీ ఇంట్లో మాట్లాడే గొంతుతో చదువుతారా?" అంటుంది. ఇది మంచి పరీక్ష. వట్టి గొంతుతో చెప్పినప్పుడు వస్తాదు వినిపిస్తే, మీద ఎంత గరుకు వేసుకున్నా నిలుస్తుంది. వినిపించకపోతే గరుకు ఆ లోపాన్ని కప్పిపుచ్చుతోందన్నమాట. చాలామంది నటులు ఈ పాఠంలోనే మొదటిసారి కుర్రాడితో మాట్లాడతారు. అంతకు ముందుదాకా వాళ్ళు మైకుతో మాట్లాడుతుంటారు.

గరుకును అంత అనుమానంగా చూడటానికి శరీరపరమైన కారణం కూడా ఉంది. స్వరపేటికలో రెండు సన్నటి మడతలు ఊపిరి తగిలి కొట్టుకుంటే గొంతు పుడుతుంది. మగవాళ్ళ మామూలు మాటలో అవి సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు కదులుతాయి. వాటికి కాస్త పైన ఇంకో జత మడతలున్నాయి. మామూలు మాటలో వాటికి పని లేదు. గొంతు బిగించి గర్జించినప్పుడు అవీ దగ్గరికొచ్చి అదురుతాయి. మనకు వినిపించే గరగర చాలావరకు ఆ బిగింపుదే. దాన్ని గంటల తరబడి పట్టి ఉంచితే కింది మడతలు వాచిపోతాయి. అలాగే కొనసాగితే వాటి మీద కాయలు కాసే ప్రమాదం కూడా ఉంది.

గొంతు అలిసిపోతున్న సంగతి నటుడికంటే ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళకు తెలుస్తుంది. టేక్‌కూ టేక్‌కూ మధ్య గొంతు సవరించుకోవడం ఎక్కువవుతుంది. కింద స్థాయిలో మొదలైన గొంతు తెలియకుండానే పైకి జరుగుతుంది. వాక్యం చివరి అక్షరాల్లో నాదం పోయి వట్టి గాలి మిగులుతుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా "ఇంకొంచెం బేస్ పెంచండి" అనే దర్శకుడు నటుడి గొంతునూ పాడుచేస్తాడు, తన రికార్డింగ్‌నూ పాడుచేసుకుంటాడు.

మరి కరకుదనం ఎక్కణ్ణించి వస్తుంది? కొంత మైకే ఇస్తుంది. డబ్బింగ్ స్టూడియోల్లో ఎదురుగా ఉన్న శబ్దాన్నే ఎక్కువగా పట్టుకునే మైకులు వాడతారు. వీటికో గుణం ఉంది: నోరు దగ్గరయ్యేకొద్దీ కింది స్థాయి ధ్వని, అంటే జనం బేస్ అని పిలిచేది, పెరుగుతుంది. జానెడు దూరంలో ఉన్న నటుణ్ణి నాలుగు వేళ్ళ దూరానికి జరిపి, గొంతు పెంచకుండా మెల్లగా మాట్లాడమంటే ఛాతీలోంచి వచ్చినట్టుండే బరువు దానంతటదే వస్తుంది. గొంతు బిగించాల్సిన అవసరం సగం తీరిపోతుంది. దీనికీ షరతులున్నాయి. దూరం మాటమాటకూ మారితే ఒక వాక్యం బావిలోంచీ ఇంకోటి వాకిట్లోంచీ వచ్చినట్టుంటుంది. ప, ఫ, భ పలికినప్పుడు నోటిగాలి మైకుకు కొట్టుకుని 'డబ్'మని మోగుతుంది. అందుకే మధ్యలో పాప్ ఫిల్టర్ పెడతారు, మైకును నోటికి సూటిగా కాక కాస్త పక్కకు తిప్పుతారు. అరుపులున్న వాక్యానికి నటుణ్ణి మళ్ళీ వెనక్కి జరిపి, సౌండ్ ఇంజనీరు లెవల్ తగ్గించాలి.

ఇంకొంత కరకుదనం తెలుగు భాషే ఇస్తుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. రంగస్థలం అలవాటున్న నటుడు చివరి గుంపుదాకా వినిపించాలని ఆ అచ్చును సాగదీస్తాడు: పట్టేదీ, తినిరా... అని. సాగిన అచ్చులో బతిమాలడమో మురిపెమో ధ్వనిస్తుంది, వస్తాదు మెత్తబడిపోతాడు. అదే అచ్చును పొట్టిగా కోసేస్తే, గొంతులో రవ్వంత గరుకు లేకపోయినా మనిషి కరకుగా వినిపిస్తాడు. మన దర్శకురాలు రెండో మాట మీద ఇచ్చే సూచన ఇదే. "పట్టేది దగ్గర ఆపేయండి సార్, 'ది'ని వదిలేయకండి, సాగదీయనూ వద్దు." వదిలేయకూడదన్నది ముఖ్యం. గరుకు పాత్రల్లో నటులు చివరి అక్షరాన్ని మింగేస్తారు. సెట్లో బాగుందనిపిస్తుంది, బస్సులో ఇయర్‌ఫోన్స్‌తో వినేవాడికి వాక్యం 'పట్టే' దగ్గరే తెగిపోతుంది.

ఇలా గొంతుకు సంబంధించిన లెక్క కుదిరాక దాన్ని గుర్తుపెట్టుకోవాలి. కుదిరిన టేక్‌లోంచి పది పదిహేను సెకన్లు విడిగా దాచి, తర్వాత జరిగే ప్రతి సెషన్ మొదట్లో నటుడికి వినిపిస్తారు. వారం తర్వాత జలుబుతోనో, మరో సినిమాలో వేరే పాత్రకు డబ్బింగ్ చెప్పో వచ్చిన నటుడికి తన వస్తాదు ఎక్కడున్నాడో ఆ ముక్కే చెబుతుంది. ఆ ముక్క లేకపోతే మొదటి భాగంలో వస్తాదుకు అరవై ఏళ్ళు, ఆరో భాగంలో ఎనభై.

ఇక సూచనలు ఇచ్చే తీరు. "కోపంగా", "బాధగా", "ఇంకొంచెం ఎమోషన్": థియేటర్లో ఎక్కువగా వినిపించేవి ఇవే, తక్కువ పనిచేసేవీ ఇవే. కోపంగా అని చెబితే నటుడు తనకు తెలిసిన కోపపు శబ్దం చేస్తాడు. దాని బదులు, ఎదుటివాడి మీద ఏం పని జరగాలో చెబితే గొంతు తనంతట తానే దారి వెతుక్కుంటుంది. మొదటి మాట "మళ్ళీ చెయ్" తీసుకుంటే, "ఇందాక చేసింది తప్పో ఒప్పో వాడికి తెలియనివ్వకండి" అన్నది నటుడు పట్టుకోగలిగిన సూచన. అప్పుడు ఆ మాటలోంచి చిరాకు పోయి ఒక గమనింపు వస్తుంది. కుర్రాడికి మాత్రం అది చిరాకుకంటే ఎక్కువ భయం పుట్టిస్తుంది. రెండో మాటకు, "వాడి చేతులకేసి చూస్తూ అనండి, ముఖంకేసి కాదు." నటుడు నిజంగానే తల దించుతాడు. తల దించితే గొంతు కిందికి దిగుతుంది, మాట వేగం తగ్గుతుంది. ఈ రెంటినీ అడిగి తెప్పించుకోవాల్సిన పని తప్పింది. తల మరీ వంచితే గొంతు నొక్కుకుపోతుంది, నోరు మైకుకు దూరమూ అవుతుంది; కళ్ళు దించితే చాలని ఇంజనీరు గుర్తుచేస్తాడు.

ఒకసారికి ఒకే సూచన ఇవ్వాలన్న నియమం కూడా అనుభవం నేర్పిందే. "తగ్గించండి, కానీ బరువుండాలి, కొంచెం వేగంగా, చివర్లో ప్రేమ కనిపించాలి" అని నాలుగు కలిపి చెబితే నటుడు నాలుగో దాన్నే చేస్తాడు.

వాక్యాన్ని దర్శకుడే పలికి చూపించి "ఇలా చెప్పండి" అనడం మంచిదా కాదా అన్నది పాత తగాదా. చాలామంది నటులకు అది నచ్చదు; వాళ్ళు విన్న రాగాన్ని తిరిగి అప్పజెప్పేస్తారు, లోపలి ఆలోచన ఆగిపోతుంది. ఒక్క సందర్భంలో మాత్రం అది సాయపడుతుంది. యాస తెలియని నటుడికి ఒక పలుకుబడి అందించాలంటే చెప్పి చూపించడంకంటే దగ్గరి దారి లేదు.

నడక దగ్గరికొస్తే మన సన్నివేశంలో అసలు రుచి మూడో మాటలో ఉంది. "చెయ్యి నొప్పెడుతోందా?" తర్వాత కుర్రాడు జవాబివ్వడు. ఆ ఖాళీ ఎంతుండాలి? వెంటనే "పెట్టనీ" అంటే అది ఎకసక్కెం. విన్నవాడికి వస్తాదు ఆ ప్రశ్న వేసిందే ఎగతాళి చేయడానికనిపిస్తుంది. ఒక సెకను ఆగితే, జవాబు కోసం చూశాడు, రాలేదు, పాఠం కొనసాగించాడు అన్నట్టుంటుంది. రెండు సెకన్లు ఆగి, "పెట్టనీ" మామూలుకంటే కటువుగా పడితే, ఆ మధ్యలో కుర్రాడి అరచేతిలో బొబ్బలు చూసి జాలిపడ్డాడనీ, ఆ జాలి బయటపడకుండా కటువుతనం తెచ్చుకున్నాడనీ తెలుస్తుంది. అక్షరం మారలేదు. దర్శకురాలు ఈ మూడింటినీ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఆపకుండా చెప్పమంటుంది. ఇలా ఒకే వాక్యాన్ని మూడు రకాలుగా వరసన రికార్డు చేయడం యానిమేషన్, గేముల స్టూడియోల్లో రోజూ జరిగే పనే. నటుడు ఒకదానితో ఒకటి పోల్చుకోగలుగుతాడు, ఎడిటింగ్ గదిలో ఎంచుకోవడానికీ సరుకుంటుంది.

ఖాళీని ఎడిటర్ తర్వాత పెంచుకోవచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. పెంచవచ్చు, పొడవు వస్తుంది. నటుడు నిజంగా ఆగినప్పుడు ఆ ఖాళీలో ఒక చిన్న ఊపిరి తీసుకుంటాడు, ఆ ఊపిరే తర్వాతి మాట బలాన్ని నిర్ణయిస్తుంది. కోసి పెంచిన ఖాళీలో ఆ ఊపిరి ఉండదు. "పెట్టనీ" మొదటి వేగంతోనే వచ్చి పడుతుంది.

అనువాద చిత్రాల్లో ఈ స్వేచ్ఛ ఉండదు. కొత్తగా తీసే యానిమేషన్‌లో సాధారణంగా గొంతు ముందు రికార్డవుతుంది, దానికి తగ్గట్టు బొమ్మ కదులుతుంది. డబ్బింగ్‌లో బొమ్మ ముందే ఉంది, పెదవి ఎప్పుడు తెరుచుకుని ఎప్పుడు మూసుకుంటుందో తేలిపోయింది. ఇంగ్లీషు సినిమాలో గురువు పాత్ర దగ్గరి షాట్‌లో "అగెయిన్" అన్నాడనుకోండి. ఆ మాటలో పెదవులు ఎక్కడా కలవవు. తెలుగులో "మళ్ళీ" అంటే మొదటి అక్షరానికే కలవాలి. తెర మీద తెరిచిన నోట్లోంచి 'మ' వస్తే ప్రేక్షకుడికి ఏదో తేడా కొడుతుంది. "ఇంకోసారి" అంటే పెదవుల బాధ లేదు, అక్షరాలు నాలుగు. రెండక్షరాల చోటులో నాలుగు పట్టించాలంటే వేగంగా చెప్పాలి, వేగంగా చెబితే వస్తాదు నెమ్మది పోతుంది. చివరికి ఒట్టి "చెయ్" దగ్గర తేలుతుంది వ్యవహారం. అదే దూరపు షాటైతే ఇంత గొడవే లేదు. మాటల రచయిత, దర్శకుడు, నటుడు ముగ్గురూ కలిసి ప, బ, మ ల కోసం ఇలా తన్నుకులాడే థియేటర్లలో నడక అంటే వాక్యం మొత్తం పొడవు కాదు. దొరికిన ఆ రెండు మూడు సెకన్లను ఏ అక్షరానికి ఎంత పంచాలన్నదే నడక. బరువు కావాల్సిన మాటకు ఎక్కువ ఇచ్చి, మిగతావాటిని పొడిగా దాటించేస్తారు.

భావాల పరిధి విషయంలో కరకు గురువు వింత మనిషి. వినిపించే మేర ఇరుకు, లోపలి మేర విశాలం. 2018 నాటి 'గాడ్ ఆఫ్ వార్' వీడియో గేమ్ దీనికి చక్కటి పాఠం. క్రాటోస్‌గా క్రిస్టఫర్ జడ్జ్, కొడుకు అట్రియస్‌గా సన్నీ సుల్జిక్ చేశారు. దర్శకుడు కోరీ బార్లాగ్. తండ్రి కొడుకును పేరుతో పిలవడం అరుదు, ఆట పొడవునా "బాయ్" అనే పిలుపే ఎక్కువ. హెచ్చరించడానికి అదే, మందలించడానికి అదే, వాడికేమైనా అయిందేమోనన్న బెదురుకూ అదే. ఒక్క అక్షరాన్ని ఇన్ని రకాలుగా పలికించాలంటే గొంతు ఎత్తు మార్చడంతో సరిపోదు. ప్రతిసారీ ఆ పిలుపుకు ముందు క్రాటోస్ ఏం చూశాడన్నది నటుడికి తెలియాలి. ఆ గేమ్‌లో నటీనటులు కదలికల్ని పట్టే దుస్తులు వేసుకుని కలిసి నటించడం వల్ల జడ్జ్ ఎదురుగా నిజంగానే ఒక పిల్లవాడున్నాడు. దాని కొనసాగింపులో నటనకు 2022 గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ నటన బహుమతి ఆయనకే వచ్చింది.

ఎదురుగా మనిషి ఉండటం ఎంత మేలో యానిమేషన్ వాళ్ళకూ తెలుసు. 'కుంగ్ ఫూ పాండా' (2008)లో షిఫూ అనే చిరచిరలాడే గురువుకు డస్టిన్ హాఫ్‌మన్, శిష్యుడు పోకు జాక్ బ్లాక్ గొంతిచ్చారు. ఇలాంటి చిత్రాల్లో నటులు సాధారణంగా విడివిడిగానే రికార్డు చేస్తారు. వీళ్ళిద్దర్నీ మాత్రం ఒక రోజు కలిపి కూర్చోబెట్టారు. గురుశిష్యులు ఒకరినొకరు ఢీకొనే సన్నివేశానికి అది అక్కరకొచ్చింది. 'బ్యాట్‌మన్' యానిమేషన్ సిరీస్‌కు గొంతుల దర్శకత్వం చేసిన ఆండ్రియా రొమానో వీలైనంతవరకు నటులందర్నీ ఒకే గదిలో చేర్చి రికార్డు చేయడానికే మొగ్గు చూపేవారు. మన దగ్గర డబ్బింగ్‌లో నటుడు ఒంటరిగా వచ్చి తన మాటలు చెప్పి వెళ్ళిపోవడమే ఎక్కువ. అలాంటప్పుడు దర్శకుడు కనీసం కుర్రాడి ఊపిరి, కర్ర కిందపడిన చప్పుడు హెడ్‌ఫోన్స్‌లో వినిపించాలి. అదీ లేకపోతే వస్తాదు గోడకు పాఠం చెబుతున్నట్టే ఉంటుంది.

మళ్ళీ మన సన్నివేశానికి. ఐదు మాటల్లో తలుపు తెరుచుకునేది ఒక్కచోటే, నాలుగో మాటలో. "మీ నాన్నా ఇలాగే పట్టేవాడు. తప్పుగా." ఇక్కడ నటులందరూ చేసే పని గొంతు గద్గదం చేయడం. అలా చేస్తే వస్తాదు తన దుఃఖాన్ని తానే ప్రకటించినట్టవుతుంది. శ్రోతకు కనిపెట్టడానికి ఏమీ మిగలదు. మన నటుడు కూడా మొదట అదే చేశాడు. దర్శకురాలి సూచన: "మాస్టారూ, ఇది మీకు అనుకోకుండా వచ్చేసిన మాట. వాడి పట్టు చూస్తే పాతది గుర్తొచ్చింది, అనేశారు. అన్నాక తెలిసింది, అనకూడదని." ఈసారి "పట్టేవాడు" తేలికగా, కాస్త నవ్వు అంచున ఉన్నట్టుగా వచ్చింది. తర్వాత ఖాళీ. తర్వాత "తప్పుగా", పొడిగా, గబుక్కున, తెరిచిన తలుపు వేసేసినట్టు. నవ్వు అంచు చాలు. అది ఒక పిసరు ఎక్కువైతే జ్ఞాపకం వేడుకైపోతుంది. నటుడు నిజంగా నవ్వు మొహం పెట్టాడా లేదా అన్నది గొంతులో పట్టేస్తుంది. పెదవులు సాగితే ధ్వని వెలుతురుగా మారుతుంది. కాబట్టి "నవ్వండి" అనకుండా "నవ్వొచ్చినా ఆపుకోండి" అనాలి.

ఐదో మాట దగ్గర ప్రలోభం ఇంకో రకం. పిల్లాణ్ణి తినమంటున్నాడు కదా, ఇక్కడైనా కరగాలి అనుకుంటాడు నటుడు. కరిగితే పాత్ర మొత్తం చెడుతుంది. ఎందుకంటే, నాలుగో మాట విన్న శ్రోత ఆ కరుణను ముందే మనసులో వేసుకున్నాడు. ఇప్పుడు "తినిరా" ఎంత పొడిగా ఉంటే అందులో అంత కనిపిస్తుంది అతనికి. దర్శకురాలు అడిగింది ఒక్కటే: "పొద్దు గురించే మాట్లాడండి సార్. వాడి గురించి వద్దు." "పొద్దెక్కింది" మీద ఊనిక పడి, "పోయి తినిరా" మామూలు ఆజ్ఞలా జారిపోయింది. అదే ఖాయం చేశారు.

ఇన్నింటి తర్వాత ఐదు మాటల్నీ ఆపకుండా వరసగా ఒక టేక్ తీసుకోవాలి. విడిగా బాగున్న ముక్కలు పక్కపక్కన పెడితే కలవకపోవచ్చు. అప్పుడు దర్శకుడు కాగితం పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని వినాలి. చేతిలో వాక్యం ఉంటే, నటుడు మింగేసిన అక్షరాన్ని దర్శకుడి కళ్ళే పూరించేస్తాయి. స్టూడియో స్పీకర్లలో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వింటే గరుకు ఎక్కడ మాటను మింగుతోందో ఇట్టే బయటపడుతుంది. చిన్న స్పీకర్‌లో బేస్ పోయాక ఏం మిగిలిందో అదే అసలు ఉచ్చారణ.

పనుల వరస కూడా గొంతును బట్టే వేసుకోవాలి. మెల్లగా మాట్లాడేవి, దగ్గరి మైకుతో చెప్పేవి మొదట. ఊరంతా వినేలా వస్తాదు కేకేసే సన్నివేశం అదే రోజు ఉంటే అది చివర. తారుమారు చేస్తే, కేకల తర్వాత మిగిలిన గొంతుతో "మీ నాన్నా..." చెప్పించడం ఎవరి తరమూ కాదు. అమెరికాలో ఇది కార్మిక సమస్య దాకా వెళ్ళింది. 2016 అక్టోబరులో అక్కడి నటుల సంఘం శాగ్-ఆఫ్‌ట్రా వీడియో గేమ్ కంపెనీల మీద సమ్మెకు దిగింది. దాదాపు 11 నెలలు సాగిన ఆ సమ్మెలోని కోరికల్లో గొంతు మీద ఒత్తిడి ఒకటి: అరుపులు, కేకలుండే సెషన్లను మామూలు నాలుగు గంటలకు బదులు రెండు గంటలకే పరిమితం చేయాలన్నారు. మన థియేటర్లలో పద్ధతి వేరు, గొంతు మాత్రం అక్కడిదైనా ఇక్కడిదైనా అవే రెండు మడతలు. గోరువెచ్చటి నీళ్ళు, ప్రతి అరగంటకూ కాసేపు మౌనం, ఏసీ గాలి సూటిగా ముఖానికి కొట్టకుండా చూసుకోవడం: ఖర్చు లేని ఈ ఏర్పాట్లు దర్శకుడే అడిగి చేయించాలి. పెద్ద నటులు మొహమాటంతో అడగరు.

మాటలన్నీ అయ్యాక ఇంకో పని ఉంటుంది, తరచుగా మర్చిపోయేది. కర్ర ఎత్తినప్పటి ఊపిరి, మోకాలు వంచి లేచినప్పటి చిన్న మూలుగు, తిట్టబోయి ఆపుకున్న "హుఁ", కుర్రాడు సరిగ్గా చేసినప్పుడు నోరు తెరవకుండా వచ్చే "ఊఁ". ఒక్కోదాన్ని నాలుగైదు రకాలుగా, బరువు మార్చుతూ రికార్డు చేసి పెట్టుకోవాలి. ముఖ్యంగా ఆ "ఊఁ". ఈ వస్తాదు కథ మొత్తంలో శిష్యుణ్ణి మెచ్చుకునేది దానితోనే కాబట్టి, అది ఎంత పొట్టిగా ఉండాలో దర్శకురాలూ నటుడూ పావుగంట వాదించుకున్నా తప్పులేదు. అది రికార్డు చేయకుండా నటుణ్ణి పంపేస్తే, ఎడిటింగ్ బల్ల మీద ఆరో భాగంలో అవసరం పడ్డప్పుడు, వేరే సన్నివేశంలోని దగ్గును కోసి అతికించుకోవాల్సి వస్తుంది.